తరుగుదల ఖాతాలో ఒకటి, బజారులో మరొకటి

మార్చి దగ్గర పడేసరికి వాహనాల కొనుగోళ్లకు వర్తకులలో హడావుడి కనిపించడం ఏటా ఉన్నదే. లాభం బాగా తేలిన సంవత్సరంలో కారు కొని తరుగుదల రాసుకుంటే పన్ను కలిసి వస్తుందన్న ఆశే ఇందుకు కారణం. ఈ ఆశలో సగమే నిజం. ఆ ఏడాది వాహనం వాడకంలో ఉన్నది 180 రోజులకు తక్కువైతే ఆదాయపు పన్నువారు తరుగుదలను సగం రేటుకే అనుమతిస్తారు. అంటే కారుకు 15 శాతానికి బదులు ఏడున్నర. 12 లక్షల కారును మార్చిలో కొన్నవారు ఖర్చు కింద రాసుకోగలిగేది 90 వేలు. 30 శాతం పన్ను కట్టేవారికి కలిసి వచ్చేది సుమారు 27 వేలు. అదే కారు యజమాని పేర రిజిస్టరు కాగానే బజారులో పాతబండి కిందే లెక్క. దానికి పడే కోత 27 వేలతో ఆగేది కాదు. బీమా కంపెనీలు సైతం ఆరు నెలలు దాటిన బండికి 15 శాతం, రెండేళ్లు దాటిన బండికి 30 శాతం తగ్గించే విలువ కడతాయి.

ఖాతాలో తరుగుదల ప్రతి ఏటా మిగిలిన విలువపైనే వేస్తారు. 12 లక్షల కారు సంవత్సరారంభంలో కొన్నదైతే మొదటి ఏడాది చివర 10,20,000, రెండవ ఏడాది 8,67,000, మూడవ ఏడాది 7,36,950 రూపాయలుగా నిలుస్తుంది. బండి నడిచినా షెడ్డులో ఉన్నా లెక్క ఇదే. దానిని నాలుగవ ఏట 8 లక్షలకు అమ్మారనుకుందాం. జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ ఉండి, కారుపై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోని వర్తకుడు 63,050 రూపాయల తేడాపై 18 శాతం చొప్పున 11,349 రూపాయలు కట్టాలి. 7 లక్షలకే అమ్మితే తేడా మిగలదు, ఆ పన్నూ ఉండదు. పాత కార్లన్నిటికీ ఒకేలా ఈ 18 శాతం 2025 జనవరి నుంచి వచ్చినది. అమ్మిన మొత్తాన్ని ఆ బ్లాకు ఆస్తుల విలువలోంచి తీసివేయవలసినదే. బ్లాకులో వేరే ఆస్తి లేకపోతే ఆ 63,050 స్వల్పకాలిక మూలధన లాభం అవుతుంది. ముందు తగ్గిన పన్నులో కొంత తిరిగి వెళ్లక తప్పదన్నమాట.

లారీల విషయంలో మరొక మెలిక ఉన్నది. కిరాయికి తిప్పే లారీకి తరుగుదల 30 శాతం. అదే లారీపై మిర్చి వ్యాపారి తన సరుకునే తోలుకుంటే 15 శాతమే. ఒకే బండి 10 లక్షలకు కొన్నదైతే మూడేళ్లకు కిరాయిదారు ఖాతాలో 3,43,000, సొంతదారు ఖాతాలో 6,14,125. కొనేవాడికి ఈ రెండు అంకెలతో పని లేదు. ఇంజను, టైర్లు, ఫిట్‌నెస్ గడువు చూసి ధర చెపుతాడు. ఎనిమిదేళ్ల లోపు లారీకి ఫిట్‌నెస్ రెండేళ్లకొకసారి; ఆ తర్వాత ఏటేటా. అందువల్ల అమ్మదలచిన లారీని ఎనిమిదవ ఏడు నిండకముందే వదిలించుకోవడం మేలు.

ధర నిలబెట్టుకునే బండి ఏదని అడిగితే, ఊరూరా మెకానిక్కు, విడిభాగం దొరికే బండి అనే చెప్పాలి. ఇన్నోవాకు గిరాకీ తగ్గకపోవడానికి కారణం దాని హంగు కాదు. సొంతదారు వదిలిన బండికి టాక్సీవారు వెంటనే ఎదురవుతారు. లక్షల కిలోమీటర్లు నడిచినా ఇంజను నిలుస్తుందన్న నమ్మకం ఉన్నది. మారుతి చిన్న పెట్రోలు కార్లకు, స్ప్లెండర్ మోటారు సైకిలుకు చిన్న ఊళ్లలోనూ కొనుగోలుదారులు ఉంటారు. ఖరీదైన విదేశీ కార్ల సంగతి వేరు. కొనగలిగినవాడు కొత్తదే కొంటాడు. పాతది కొనేవాడు సర్వీసు బిల్లుకు భయపడతాడు. విద్యుత్ కార్లకూ ప్రస్తుతం ఇటువంటి బెరుకే. ధరలో పెద్ద వంతు బ్యాటరీదే. ఇంజను శబ్దం వినే బేరం కుదుర్చుకునే బ్రోకరుకు బ్యాటరీలో ఎంత సత్తా మిగిలిందో చెవితో తెలియదు.

కొత్త బండి ధరే పాతదానికి కప్పు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లు, లారీలపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు ఇది తేటతెల్లమైంది. పన్ను కాక 10 లక్షల ధర గల లారీ 12,80,000 నుంచి 11,80,000కు తగ్గింది. ఒక్క కిలోమీటరు తిరగకుండానే యార్డులలోని పాత సరుకుకు కోత పడింది. నిలవలు ఎక్కువ పెట్టుకున్న బ్రోకర్లకు ఆ దెబ్బ గట్టిగా తగిలి ఉండాలి. కొనుగోలు రేటు పట్టుకుని కూర్చునేకంటే, వచ్చిన ధరకు వదిలి కొత్త రేటులో తిరిగి కొనడమే అటువంటి వేళ వర్తకునికి తగిన పని.