గోడబొమ్మకి ఆటో మోడ్ చాలదు



మొన్న గ్రూపులో "నైట్ మోడ్ ఉండగా ప్రో మోడ్ ఎందుకు" అని ఒక తమ్ముడు అడిగాడు. ఇంట్లో గోడబొమ్మలు తీసేవాళ్ళకి అది చాలదని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

మా తాత ఇల్లు పడగొట్టి పక్కా ఇల్లు కడుతున్నారు. లోపలి గదిలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన సవర బొమ్మ ఉంది. పెద్దల కోసం వేసింది కాబట్టి ముందు తాతని అడిగాం. "తీయండి గానీ ఫ్లాష్ కొట్టొద్దు" అన్నాడు. గదికి కిటికీ లేదు, తలుపు నుంచి వచ్చే వెలుగే.

మొదట ఆటోలో తీశాం. ఫోన్‌లో బాగానే ఉంది. పెద్దది చేసి చూస్తే ఏటుంది, మనుషుల వేళ్ళు, నెమలి తోక గీతలు అన్నీ అలికేసినట్టున్నాయి. వివరాల్లో చూస్తే ISO 3200, షట్టర్ 1/15. చేతిలో ఫోన్ కదులుతుందని ఆటో షట్టర్ తొందరగా మూసేసి, చాలని వెలుగుని ISO పెంచి సరిపెట్టింది. దాంతో గరుకు వచ్చింది. ఆ గరుకుని తుడిచేటప్పుడు సన్న గీతలు కూడా పోయాయి. నైట్ మోడ్ చాలా ఫొటోలు కలిపి మెరుగు చేస్తుంది, నిజమే. కానీ మా ఫోన్‌లో అదీ గీతల్ని నున్నగా చేసేసింది.

గోడ కదలదు కదా, మరి తొందరెందుకు? ప్రోలో ISO 100 పెట్టాం. 3200ని సగం, సగం చేస్తూ పోతే అయిదోసారికి 100 వస్తుంది. అలాగే షట్టర్ సమయాన్ని అయిదుసార్లు రెట్టింపు చేస్తే 1/15 కాస్తా సుమారు 2 సెకన్లు అవుతుంది. వెలుగు అంతే, గరుకు లేదు. ఫోన్‌ని పీట మీద బియ్యం బస్తాకి ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టాం. బటన్ నొక్కిన వేలి అదురు కూడా చాలు ఫొటో పాడవడానికి.

ఫోకస్ దగ్గరే ఎక్కువ తిప్పలు పడ్డాం. చీకట్లో ఆటో ఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ఇంకో ఫోన్ టార్చి గోడ మీద వేసి, MF లో ఒక గీత పదునుగా కనబడేదాకా జరిపి, టార్చి ఆపేసి తీశాం. ఆ తర్వాత ఫోన్ జరిపితే ఫోకస్ మళ్ళీ చూసుకోవాలి.

తీసిన వెంటనే పెద్దది చేసి చూడండి. గీత ఒక పక్కకి సాగినట్టో, రెండుగానో ఉంటే ఫోన్ కదిలింది. అన్ని వైపులా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. తలుపు ఫ్రేములోకి వస్తే అక్కడ తెల్లగా కాలిపోతుంది, తప్పించండి. గదిలో మనుషులు తిరుగుతుంటే 2 సెకన్లలో వాళ్ళు దెయ్యాల్లా పడతారు, మా చిన్నాన్న కొడుకు అలాగే పడ్డాడు. కొన్ని ఫోన్ల ప్రో మోడ్‌లో షట్టర్ అంతసేపు తెరిచి ఉండదు. అప్పుడు ISO 200 లేదా 400కి పెంచుకోండి.

తాత ఇంట్లో ఇంకో గోడ మిగిలింది. వచ్చే ఆదివారం వెళ్తున్నాం, స్టాండ్ ఉన్నవాళ్ళు తెండి.