నాయనమ్మను నువ్వంటే మర్యాద తగ్గినట్టా?

ఒక భాషాశాస్త్ర సదస్సుకు పంపబోతున్న అబ్‌స్ట్రాక్ట్‌ను ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని నాకు చూపించింది. పాతబస్తీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు, లాల్‌దర్వాజాలో ఉన్న నాయనమ్మ, తాతలతో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు మర్యాద రూపాలు ఎలా మారుతున్నాయో చూస్తుందట. మంచి విషయం. అయితే ఆ రూపాలు క్షీణిస్తున్నాయని మొదటి వాక్యంలోనే తేల్చేసింది. నా అభ్యంతరం అక్కడే.

దేనితో పోలిస్తే క్షీణత? పుస్తకాల తెలుగులో పెద్దలకు ‘మీరు’ నియమం. లాల్‌దర్వాజా, గౌలిపుర వైపు చాలా ఇళ్లలో తల్లినీ, నాయనమ్మనూ ‘నువ్వు’ అనే అంటారు. నడివయసు కొడుకు ‘తిన్నవా అమ్మా’ అంటే అందులో అమర్యాద ఎవరికీ వినపడదు. అతని కూతురు డాలస్ నుంచి ‘తిన్నవా నాయనమ్మా’ అన్నప్పుడు మారిందేమీ లేదు, తండ్రి మాటే అది. పక్క వీధి దక్కనీకీ ఇదే చిక్కు. ‘ఆప్’ అంటూనే ‘ఆవో’ అనే ఇంటి పిల్లను లక్నో ఉర్దూతో కొలిస్తే, ఆమె వలస పోకముందే తప్పు మాట్లాడినట్టు తేలుతుంది. అందుకే పిల్లల మాటకన్నా ముందు తండ్రి తన తల్లితో మాట్లాడే మాట రికార్డు చేయాలి.

రెండోది లెక్క. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో రాసిన ప్రసిద్ధ వ్యాసం చదివినవారు సర్వనామాలు లెక్కపెడతారు. తెలుగులో సర్వనామం తరచూ మాటలోకే రాదు. ‘తిన్నవా’, ‘తిన్నరా’ అన్న క్రియ చివరే మర్యాద తెలుస్తుంది కాబట్టి లెక్కపెట్టాల్సింది దాన్నే. అక్కడా ఒక గోతి ఉంది. తెరమీద నాయనమ్మ పక్కన తాత కూడా కూర్చుని ఉంటే ‘ఎప్పుడొస్తరు’ అన్నది మర్యాదో, ఇద్దరినీ కలిపి అడిగిందో చెప్పలేం. అలాంటి వాక్యాలను విడిగా పెట్టకపోతే మర్యాద ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. ‘మీరు అంటావా’ అని ప్రశ్నాపత్రంలో అడిగితే ఇంకా నష్టం. అనాలని తెలుసు కాబట్టి చాలామంది అవుననే రాస్తారు.

మార్పు ఎదురుదిశలోనూ రావచ్చు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట తెలుగు నేర్చుకున్న పిల్ల ‘తిన్నారా అండీ’ అని అడిగిందనుకోండి. పట్టికలో అది మర్యాద పెరుగుదల. నాయనమ్మకు మాత్రం మనవరాలు పరాయిదైనట్టు అనిపించవచ్చు. ఆమె ఏమని బదులిచ్చింది, ‘నన్ను అండీ అంటవేందే’ అని దిద్దిందా, ఊరుకుందా అన్నది కూడా రాసుకోవాలి. ఈ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే.

విద్యార్థినికి చెప్పింది ఇదే: ‘క్షీణత’ తీసేసి ప్రశ్నగా మార్చమన్నాను, మూడు తరాల సంభాషణా ఒకే ఇంటి నుంచి తీసుకోమన్నాను. ఇళ్ల సంఖ్య తగ్గినా ఫరవాలేదు.