ఏడు దినాల మన్నా ఒకే పూట ఏరవచ్చా?



ప్రతి ఉదయం ఐదున్నరకు మీ ఫోన్లకు వచ్చే నిమిషం వాక్యధ్యానం వీడియోలన్నీ ఒకే రోజు తీసినవని తెలిసి, మన సంఘ పెద్ద ఒకరు నన్ను సూటిగా అడిగారు. "అయ్యగారూ, ఏ రోజు మన్నా ఆ రోజే కదా ఏరుకోమన్నాడు దేవుడు? వారానికి సరిపడా ఒకే పూట దాచిపెడితే పురుగులు పట్టదా?"

ఆయన మాటలో సగం నిజం ఉంది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మర్నాటికి దాచుకున్న మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. అదే అధ్యాయంలో ఆరవ దినాన రెండంతలు ఏరి ఉంచినది మాత్రం చెడలేదు. కాబట్టి దాచడమా, దాచకపోవడమా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఏది దాచవచ్చు, ఏది దాచకూడదు అన్నది అసలు ప్రశ్న. నా అభిప్రాయం ఇది: ధ్యానం ఏ రోజుది ఆ రోజే చేయాలి, కెమెరా పని మాత్రం ఒకే రోజు ముగించాలి.

మొదట్లో నేను రోజూ తీసేవాడిని. స్టాండు నిలబెట్టి, వెలుగు చూసుకుని, మైకు తగిలించి, ఫ్రేము సరిచేసేసరికి 20 నిమిషాలు. మాట్లాడేది ఒక్క నిమిషం. వారానికి 140 నిమిషాలు స్టాండు చుట్టూ తిరగడానికే పోయేవి. వాటిని మోకాళ్ల మీద నుండి దొంగిలించాను తప్ప మరెక్కడి నుండీ కాదు. ఇప్పుడు మూడు చోట్ల మాత్రమే స్టాండు పెడతాను, గంటలో సరిపోతుంది.

నా వారం ఇలా సాగుతుంది. శుక్రవారం నుండి బుధవారం వరకు ఆరు ఉదయాలు, రోజుకొక వచనం ధ్యానించి ఒక చిన్న పేజీ రాసుకుంటాను. ఆఖరి రోజు రెండు రాస్తాను, ఆరవ దినపు మన్నా లాగే. కెమెరా ముందు నేను నిమిషానికి దాదాపు వంద మాటలు పలుకుతాను కనుక పేజీలో తొంభై దాటనివ్వను. రాయని సందేశం ఒక్కటి ఉన్నా షూటింగు రోజు మొదలుపెట్టను. కెమెరా ముందు నిలబడి వాక్యం వెదుక్కుంటే, అలసిన నోటికి పాత మాటలే వస్తాయి. పెద్దాయన భయపడిన పురుగు పట్టేది అక్కడే.

గురువారం షూటింగు. వారం వరుసలో తీయను, వెలుగు వరుసలో తీస్తాను. ఆరున్నరకు వేపచెట్టు కింద ఎండ మెత్తగా ఉంటుంది. తెల్ల చొక్కాతో సోమవారం, శనివారం సందేశాలు తీసి, నీలి చొక్కా మార్చి గురువారానిది తీస్తాను. ఎండ ఎక్కితే ఆకుల సందుల్లోంచి మొహం మీద మచ్చలు మచ్చలుగా వెలుగు పడుతుంది, కాబట్టి ఏడున్నరకల్లా ఇంట్లో కిటికీ పక్కకు వచ్చేస్తాను. కిటికీ వైపు మొహం పెట్టి, అదే నీలి చొక్కాతో మంగళవారం, శుక్రవారం. చివరికి మందిరంలో మళ్లీ తెల్ల చొక్కాతో బుధవారం, ఆదివారం. రెండు చొక్కాలతో, మూడు చోట్లతో ఏడూ అయిపోతాయి. చూసేవారికి వరుసగా రెండు రోజులు ఒకే చోటు కనబడదు.

మందిరాన్ని చివరికి ఉంచడానికి కారణముంది. తలుపులన్నీ తీస్తే ఎనిమిదిన్నరకు లోపల సరిపడా వెలుగు వస్తుంది, ట్యూబ్‌లైట్లు వేయనక్కర్లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానితో వెలిగే పాత ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు గాని, వీడియోలో గోడ మీద చారలు పాకినట్టు కనబడతాయి. లైటు తప్పనిసరైతే ఫోను కెమెరాలో ప్రో మోడు తెరిచి షట్టరును 1/50 దగ్గర గాని 1/100 దగ్గర గాని నిలిపితే చారలు పోతాయి.

ప్రతి చోటా తెర మీద నా మొహం దగ్గర వేలు నొక్కి పట్టి ఫోకసును, వెలుగును లాక్ చేస్తాను. లేకపోతే చెయ్యి కదిపినప్పుడల్లా చిత్రం వెలుగుతూ మసకబారుతూ ఉంటుంది. స్టాండు కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెడతాను, పొరపాటున తగిలినా మళ్లీ అక్కడే నిలుస్తుంది. ఫోను ఏరోప్లేన్ మోడులో ఉంటుంది, ఫ్యాను ఆగి ఉంటుంది. ప్రతి టేకు ముందు "బుధవారం, రెండో టేకు" అని పలికి చప్పట్లు కొడతాను. సాయంత్రం ఫైళ్లు వెదుక్కునే పని ఉండదు.

ఇంత చెప్పినా, ఒకసారి ఏడు సందేశాలూ పోగొట్టుకున్నాను. కాలరు మైకు పిన్నుకు ఫోను వెనక కవరు అడ్డుపడి పూర్తిగా దిగలేదు. ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంది. నా గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, పక్కింటి కోడి మాత్రం స్పష్టంగా వినబడింది. అప్పటి నుండి ప్రతి చోటా మొదటి టేకును ఇయర్‌ఫోనుతో చివరిదాకా విన్నాకే రెండోది మొదలుపెడతాను. టేకు తీస్తూ మైకు పట్టును గోటితో ఒకసారి గీకండి. ఆ గీకుడు పెద్దగా వినబడితే మైకు పనిచేస్తున్నట్టే.

మాటల్లో కూడా ఒక జాగ్రత్త ఉంది. "నిన్న చెప్పుకున్నట్టు", "ఈ ఉదయం వాన పడుతుండగా" అనకూడదు. వానే పడని ఉదయం అది మీ దగ్గరకు వస్తే అబద్ధమవుతుంది. ఐదో సందేశం దగ్గర గొంతు బరువెక్కుతుంది. అందుకే కన్నీటితో చెప్పవలసినది ఏదైనా ఉంటే దాన్ని ఉదయం రెండోదిగా ఉంచుకుంటాను.

ఇక పెద్దాయన మాటలోని మిగతా సగం. కిందటేడు ఒక శనివారం, ముందే షెడ్యూల్ చేసిన వీడియో ఐదున్నరకు తనంతట తానే బయటికి వెళ్లింది. నవ్వుతూ, సంతోషం గురించి మాట్లాడాను. ఆ రాత్రే మన సంఘంలో ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. ఆమె ఇంటికి నాకంటే ముందు నా నవ్వు వెళ్లింది. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ మోస్తున్నాను.

ఆనాటి నుండి వీడియోను గడియారానికి అప్పగించడం మానేశాను. ఏడూ అప్‌లోడు చేసి ప్రైవేటుగా ఉంచుతాను. వేకువ ప్రార్థన తర్వాత, రాత్రి వచ్చిన ఫోన్లూ మెసేజీలూ చూసుకున్నాకే ఆ రోజుది నా చేత్తో విడుదల చేస్తాను. ఊళ్లో చావు ఉంటే ఆ రోజు వీడియో ఉండదు, నేనే ఆ ఇంట్లో ఉంటాను. దుఃఖానికి ముందే తీసిపెట్టిన ఆదరణ వీడియో ఒకటి దాచుకోమని కొందరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. ఎవరి కోసమో తెలియకుండా చెప్పిన ఓదార్పు ఎవరినీ ఓదార్చదు.

కాబట్టి ఐదున్నరకు వీడియో రాని రోజున నెట్ లేదనుకోకండి. మనలో ఎవరి ఇంట దీపం ఆరిందో అడిగి తెలుసుకోండి. వీలైతే అక్కడికి రండి, నేనూ అక్కడే ఉంటాను.

ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.