బోర్డు మీది పేరు ఎవరిది?

మా ఆడబిడ్డ మోత్కూర్‌లో ఇంటి ముందు గదిలో పచ్చళ్లు, పొడులు, సకినాలు అమ్ముతుంది. మొదట్లో చుట్టాలకే చేసేది. తర్వాత పెళ్లిళ్లకు సారె సకినాలు అడిగారు. ఇప్పుడు హైదరాబాద్ బస్సులో డబ్బాలు ఎక్కించి పంపేదాకా వచ్చింది. డబ్బా మీద అంటించడానికి ఒక పేరు కావాలంది, ఆ పేరును రిజిస్ట్రేషన్ చేయించాలని ఇంట్లో మాట వచ్చింది. ఈ వారం రాయాలనుకున్నది దాని గురించే.

ముందు ఒక సంగతి. పంచాయతీ, మున్సిపాలిటీ లైసెన్సు, ఆహార భద్రత వాళ్ల రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు ఇవన్నీ ఉన్నాయి కదా, పేరు మనదే అని చాలామంది అనుకుంటారు. అవి వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే అనుమతులు మాత్రమే. పేరు మీద హక్కు ఇచ్చేది 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం. మన తెలంగాణ దరఖాస్తులన్నీ చెన్నైలోని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ కిందికి వస్తాయి. ఆన్‌లైన్లో పంపొచ్చు కాబట్టి చెన్నై పోనక్కర్లేదు.

పేరు ఎంచుకునే దగ్గరే సగం పని అయిపోతుంది. మా ఆడబిడ్డ మొదట అన్నది "అమ్మచేతి పచ్చళ్లు". వినడానికి ఎంత బాగుంది! కానీ అది పేరు కాదు, సరుకు ఎలాంటిదో చెప్పే మాట. అలాంటి మాటను ఒక్కరికే రాసిస్తే రేపు ఇంకో అమ్మ తన పచ్చడిని ఏమని చెప్పుకోవాలి? "మోత్కూర్ సకినాలు" అన్నా అంతే, ఊరి పేరు అందరిదీ. ఇలాంటి వాటికి రిజిస్ట్రీ చట్టంలోని 9వ సెక్షన్ కింద అభ్యంతరం చెబుతుంది. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి మీ దుకాణమే గుర్తొస్తుందని రుజువులతో చూపగలిగితే వేరే సంగతి. కొత్తగా పెట్టేవాళ్లకు ఆ దారి లేదు. సరుకుతో సంబంధం లేని మాట అయితే మంచిది. తెలుగు చదువుకున్న దాన్ని కాబట్టి ఈ పని నాకు అప్పజెప్పారు. చెట్లూ పూలూ తిరిగి చివరికి "తంగేడుపూత" దగ్గర ఆగాం.

ఇక వెతుకులాట. ipindia.gov.in సైటులో ట్రేడ్‌మార్క్‌ల పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, దానికి రుసుము లేదు. Wordmark అని ఒక గడి, Phonetic అని ఇంకో గడి కనిపిస్తాయి. ఏ క్లాసులో వెతకాలో నంబరు ఇవ్వాలి. ఇక్కడ మన తెలుగువాళ్లకు వచ్చే చిక్కు ఇంగ్లిష్ అక్షరాలది. "తంగేడు"ను Tangedu అని రాయొచ్చు, Thangedu అనొచ్చు, Thangaedu అని కూడా ఎవరో రాసి ఉండొచ్చు. మనం ఒక్క రాత వెతికి "ఏమీ రాలేదు" అని చంకలు గుద్దుకుంటే, పక్క రాతలో ఎవరో పదేళ్ల కింద పెట్టుకున్న పేరు కూర్చుని ఉంటుంది. చట్టం చూసేది అక్షరాలు ఒకటేనా అని మాత్రమే కాదు, కొనేవాళ్లకు వినబడితే, చూస్తే గజిబిజి పడతారా అని కూడా. కాబట్టి Wordmarkలో Contains ఎంచుకుని tanged, thanged అని ముక్కలుగా వెతకాలి, తర్వాత Phonetic గడిలో కూడా చూడాలి.

వచ్చిన జాబితాలో ప్రతి పేరు పక్కన దాని స్థితి ఉంటుంది. Registered అని ఉంటే ఆ పేరు సజీవంగా ఉందని. Objected అంటే రిజిస్ట్రీ అభ్యంతరం చెప్పిందని, Opposed అంటే ఇంకొకరు అడ్డుపడ్డారని. ఈ రెండూ ఇంకా తేలని వ్యవహారాలు, వాటిని లెక్కలో ఉంచుకోవాలి. Abandoned, Refused అని ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ లేదు గానీ, ఆ పేరుతో వాళ్లు దుకాణం నడుపుతూనే ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ లేకున్నా ముందు నుంచి వాడుతున్నవాడికి మన చట్టం హక్కు ఇస్తుంది. అందుకే సైటుతో పాటు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, కిరాణా షాపుల అరలు కూడా చూడాలి.

క్లాసుల సంగతికి వస్తే, సరుకులూ సేవలూ కలిపి మొత్తం 45. 1 నుంచి 34 దాకా సరుకులు, 35 నుంచి 45 దాకా సేవలు. మామూలుగా అయితే "ఆహారం" అని ఒకటి ఉంటుందనుకుంటాం. ఉండదు. ఆడబిడ్డ డబ్బాలనే తీసుకోండి. కూరగాయల పచ్చళ్లు 29లోకి పోతాయి. వేయించిన పల్లీలూ అక్కడికే. కారంపొడి, మసాలాలు, బియ్యప్పిండితో చేసే సకినాలు, పల్లీపట్టీ 30లోకి. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి మీద, రెండు క్లాసులు! ఇతర కంపెనీల సరుకులు కూడా తెచ్చి అమ్మే దుకాణమైతే 35, ముందు నాలుగు బల్లలు వేసి టిఫిన్లు పెడితే 43. ఒక వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్లో TM-A ఫారం పంపితే ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మేము 29, 30 చాలనుకున్నాం, అంటే 9,000. 43 కూడా వేసేద్దామని మా మరిది అన్నాడు, రేపెప్పుడో హోటల్ పెడతామేమోనని. నేను వద్దన్నాను. ఐదేళ్లకు పైగా వాడని పేరును తీసేయమని ఎవరైనా అడగొచ్చు. హోటల్ పెట్టిన రోజు కొత్త దరఖాస్తు వేసుకోవచ్చు. కాకపోతే ఆ రోజు దాకా ఆ క్లాసులో ఇంకొకరు రాకుండా ఆపలేం, అది ఒప్పుకోవాలి.

క్లాసు ఎంత ముఖ్యమో, దానికి హద్దు ఎక్కడో తెలియాలంటే నందిని కేసు చూడాలి. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి "నందిని" పేరుతో పాలు అమ్ముతోంది. 1989లో బెంగళూరులో "నంధిని" అని, అంటే ఇంగ్లిష్‌లో ఒక h ఎక్కువ పెట్టి, హోటళ్లు మొదలయ్యాయి. ఆంధ్ర భోజనానికి పేరుబడ్డ హోటళ్లు. వాళ్లు తమ తినుబండారాలకు పేరు రిజిస్టర్ చేయమంటే పాల సమాఖ్య అడ్డుపడింది. రెండూ అవే 29, 30 క్లాసులు. రిజిస్ట్రీ హోటల్ వాళ్ల వైపు చెప్పింది, అప్పీలు బోర్డు కాదంది, హైకోర్టూ కాదంది. 2018 జులైలో సుప్రీంకోర్టు హోటల్ వాళ్లకే ఇచ్చింది, పాలు, పాల పదార్థాలు మాత్రం జాబితాలోంచి తీసేయమని. ఒకళ్ల గుర్తులో ఆవు, ఇంకొకళ్ల గుర్తులో దీపం, అమ్మేది వేరు, జనం గజిబిజి పడరని కోర్టు చూసింది. ఒక క్లాసులో పేరు ఉన్నంత మాత్రాన ఆ క్లాసులోని సరుకులన్నీ సొంతం కావని చెప్పింది. ఇది మన హైదరాబాద్ చార్మినార్ సిగరెట్ల విషయంలో 1996లోనే తేల్చిన మాట: సిగరెట్లు మాత్రమే చేస్తూ, పొగాకు సరుకులన్నిటి మీదా "చార్మినార్" పేరు పట్టుకుని కూర్చోవడానికి వీల్లేదని.

ఇది విని మా మరిది "అయితే వదినా, ఎవరిదైనా పెట్టుకోవచ్చన్నట్టే గదా" అన్నాడు. అట్ల కాదు. నంధిని వాళ్లు దశాబ్దాలు ఆ పేరుతో హోటళ్లు నడిపారు, సుప్రీంకోర్టు దాకా పోయే స్తోమత ఉంది. పచ్చడి డబ్బాకు అంత ఓపిక లేదు. h ఒకటి ఎక్కువ పెట్టి తప్పించుకుందాం అనే పేరు చిన్న దుకాణానికి పనికిరాదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. ఫారంలో దరఖాస్తుదారు ఎవరు? ఆధార్, పాన్ మరిదివి చేతికి అందాయని ఆయన పేరే రాయబోయారు. నేను అక్కడే ఆపాను. ట్రేడ్‌మార్క్ కూడా పొలం లాంటి ఆస్తే. అమ్ముకోవచ్చు, రాసివ్వచ్చు, వారసులకు పోతుంది. పేరు ఎవరి మీద ఉంటే వాళ్లదే. రేపు అన్నదమ్ములు వేరుపడితే, లేదా ఇంట్లో మాట పట్టింపు వస్తే, ఇరవై ఏళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఇంకో పేరు వెతుక్కోవాలా? భార్యాభర్తలు కలిసి చేస్తుంటే ఇద్దరి పేరూ ఉమ్మడిగా రాయొచ్చు. ఆడబిడ్డ ఒక్కతే చేస్తుంది కాబట్టి ఆమె పేరే రాయాలన్నాను. "నా పేరు మీద ఏం పెట్టుకుంటరు వదినా, ఇంట్లనే గదా ఉండేది" అని ఆమే అన్నది. మన ఆడవాళ్లతో వచ్చే చిక్కు ఇదే, ఎదుటివాళ్ల కన్నా ముందు మనమే వద్దంటాం.

దరఖాస్తులో ఇంకో గడి ఉంటుంది, ఎప్పటి నుంచి వాడుతున్నారని. ఇంకా మొదలుపెట్టకపోతే "వాడబోతున్నాం" అని రాస్తే సరిపోతుంది. వాడుతున్నామని తారీఖు వేస్తే అఫిడవిట్టు, దానితో ఆ పేరు కనబడే బిల్లులు, లేబుళ్లు, ఫొటోలు పెట్టాలి. ఆ బిల్లు పుస్తకం దరఖాస్తుదారుదై ఉండాలి. భర్త పేరుతో బిల్లులు, భార్య పేరుతో దరఖాస్తు అయితే ఆ తారీఖును నిలబెట్టుకోవడం కష్టం. తెలుగు అక్షరాల్లో పేరు ఇస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసివ్వాలి.

పంపాక పరిశీలన నివేదిక వస్తుంది. అభ్యంతరం ఉంటే అందిన నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ఈ ఉత్తరం ఈమెయిల్‌కే వస్తుంది కాబట్టి నెట్ సెంటర్ అబ్బాయి మెయిల్ ఇవ్వకండి, మీది ఇచ్చి వారం వారం చూసుకోండి. ఒప్పుకుంటే జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలలు ఎవరైనా అడ్డుచెప్పొచ్చు. ఎవరూ రాకపోతే సర్టిఫికెట్టు. దరఖాస్తు వేసిన తారీఖు నుంచి పదేళ్లు, తర్వాత మళ్లీ పదేళ్లకు కట్టుకుంటూ పోవాలి.

అప్పటిదాకా డబ్బా మీద పేరు పక్కన TM అని వేసుకోవచ్చు. గుండ్రంలో R మాత్రం సర్టిఫికెట్టు వచ్చాకే. రాకముందే వేస్తే అది చట్టవిరుద్ధం. లేబుల్ ప్రింటింగ్ షాపులో అందం కోసం ఆ గుర్తు వాళ్లంతట వాళ్లే పెట్టేస్తుంటారు. మా ఆడబిడ్డ నమూనా మీద కూడా ఉంది, తీయించి మళ్లీ ప్రింట్ చేయించాం.