గోల్డు ప్యాకేజీ, ప్లాటినం ప్యాకేజీ, ఓ పంచాంగం

అమెరికాలో పెళ్ళి చేసే మనవాళ్ళని ఫొటోగ్రాఫర్ సంగతి అడిగి చూడండి. "నాలుగువేల ఎనిమిదొందలకే ఒప్పుకున్నాడండీ" అంటారు గర్వంగా. దేనికి ఒప్పుకున్నాడూ అంటే, "ఫొటోలు, వీడియో, అన్నీ!" అంటారు. ఆ "అన్నీ" అన్న మాట మీదే నా కోపమంతా. కాంట్రాక్టు ఎంత వెతికినా ఆ మాట మాత్రం ఉండదు. ఉండేది గంటలు.

ఆ గంటలు ఎవరి పెళ్ళిని చూసి లెక్కేశారనుకున్నారు? మధ్యాహ్నం మొదలై రాత్రి డాన్సులతో ముగిసే ఇక్కడివాళ్ళ పెళ్ళిని చూసి. మనకేమో పొద్దున్న ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్. ఈ మధ్య న్యూజెర్సీలో మా బంధువుల పెళ్ళికి వచ్చిన రెండు కొటేషన్లు నా ముందుకొచ్చాయి. మొదటిది 4,800 డాలర్లు, పది గంటలు. రెండోది 6,900 డాలర్లు, పన్నెండు గంటలు. రెండింటిలోనూ ఒక ఫొటోగ్రాఫరు, ఒక వీడియోగ్రాఫరు. ఇంట్లో అందరూ మొదటిదానికే ఓటేశారు, రెండు వేలు మిగుల్తాయని.

పొద్దున్న ఆరున్నరకి పెళ్ళికూతురి ముస్తాబు, గౌరీపూజతో మొదలైతే, భోజనాలకి లేచేసరికి పన్నెండున్నర. మళ్ళీ సాయంత్రం ఐదున్నర నుంచి పదిన్నర దాకా రిసెప్షన్. మొదటివాడి కాంట్రాక్టులో గంటలు వరసగా నడుస్తాయని చిన్నక్షరాల్లో రాసుంది. అంటే మధ్యాహ్నం మనం కునుకు తీస్తున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మొత్తం పదహారు గంటలు, ఆరు గంటలు అదనం. అదనపు గంటకి 250 డాలర్లు, అదీ ఒక్కో మనిషికి. ఇద్దరికి ఆరు గంటలంటే 3,000. మొత్తం 7,800! రెండోవాడు మధ్యలో విరామం ఇచ్చి, రెండు విడతలుగా లెక్కేస్తానని రాసిచ్చాడు. పదకొండు గంటలే అయ్యాయి, ప్యాకేజీలోనే సరిపోయింది. "చవక" ప్యాకేజీ తొమ్మిదొందలు ఎక్కువ!

అందుకే ప్యాకేజీలని ప్యాకేజీలతో పోల్చకండి. ముందు మీ పంచాంగం, మీ కార్యక్రమం కాగితం మీద పెట్టి, ఆ రోజుకి ఎవరెంత అడుగుతారో పోల్చండి.

ఇక రా ఫైల్స్. రారమ్మని పిలిచినా రానివి ఇవే. "డబ్బిచ్చింది మేము, ఫొటోలు మావి కావా?" అంటారు మన పెద్దవాళ్ళు. ఇండియాలో అయితే వాళ్ళన్నదే న్యాయం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. అమెరికాలో తిరగబడుతుంది. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప కాపీరైటు తీసినవాడిదే, లేదా వాణ్ణి ఉద్యోగంలో పెట్టుకున్న కంపెనీది. కాబట్టి ఇంటి అవసరాలకి ప్రింట్లు వేయించుకోవడానికి, బంధువులకి పంపుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాంట్రాక్టులో ఉండాల్సిందే.

నిజానికి ఫొటోల రా ఫైల్స్ కోసం కొట్టుకోనక్కర్లేదు. వాటిని తెరిచి రంగులు సరిచేయడానికి వేరే సాఫ్ట్‌వేరు కావాలి. మీరు పట్టుబట్టాల్సింది కోతలు లేని వీడియో కోసం. సినిమా పాట పెట్టి ఐదు నిమిషాల్లో చుట్టేసే హైలైట్ వీడియో స్నేహితులకి బావుంటుంది. ప్రయాణం చెయ్యలేక తెనాలిలో ఉండిపోయిన అమ్మమ్మకి మాత్రం జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా మంత్రాలతో సహా చూడాలనుంటుంది. ఆవిడకి మనవరాలి పెళ్ళంటే ఆ వీడియోనే. "ఎడిట్ చేయని పూర్తి వీడియో, హార్డ్ డిస్కులో" అని ఒక్క వాక్యం రాయించుకోకపోతే, ఆవిడకి మిగిలేది ఐదు నిమిషాల స్లో మోషను.

అది ఎప్పుడొస్తుందన్నది మరో కథ. "పన్నెండు వారాల్లో ఇస్తాం" అని ఉంటుంది. ఏ రోజు నుంచి పన్నెండు వారాలు? చాలా కాంట్రాక్టుల్లో మీరు పాటలు, ఆల్బంకి ఫొటోలు ఎంచి పంపిన రోజు నుంచి. మీరు ఎంచడానికి కావలసిన ఫొటోలు వాడు ఎప్పుడు పంపాలో మాత్రం ఉండదు! పెళ్ళి తేదీ నుంచి లెక్క అని మార్పించండి. మీ ఎంపికకి విడిగా గడువు పెట్టుకోండి. పెళ్ళికి ముందే మొత్తం కట్టెయ్యమంటారు. చివరి ఇరవై శాతం వీడియో చేతికొచ్చాకే అనండి. ఒప్పుకోకపోతే పది దగ్గరైనా ఆగండి.

"మనవాడే కదా, కాగితాలెందుకు, బావుండదు" అనేవాళ్ళకి ఒకటే ప్రశ్న. మూడు వారాల పనికి ఆఫీసులో పదిహేను పేజీల ఒప్పందం రాసి, గంటగంటకీ బిల్లు వేసే మనం, పెళ్ళి దగ్గరికొచ్చేసరికి మొహమాటపడ్డం ఏ మర్యాద? ఆ మనవాడు తన కాంట్రాక్టు మాత్రం వకీలు చేత రాయించుకునే వచ్చాడు.