వేపుడుకు వెన్న వద్దు, అదే నెయ్యి మళ్ళీ మళ్ళీ వద్దు

మహానందికి దగ్గరలో ఉన్న మా తమ్ముని ఇంటికి మొన్న వేసవిలో వెళ్ళినపుడు గుమ్మం దాటీ దాటకముందే కళ్ళు మండాయి. వంటింట్లో తమ్ముని కూతురు బెండకాయ వేపుడు చేస్తున్నది. బాండలిలో పొట్లపు వెన్న మాడి, అడుగున నల్లని చుక్కలు తేలుతున్నాయి. ఏమమ్మా ఇది అంటే, “నెయ్యి మానేసినాము పెద్దనాయనా. వెన్న తేలిక కదా, నాయనకు గుండెకు మంచిదని” అన్నది. గుండెకు మంచిదని చేస్తున్న వేపుడు పొగకు ఆ నాయనే వసారాలో కూర్చొని దగ్గుతున్నాడు.

“వెన్న తేలిక, నెయ్యి బరువు” అనే ఈ మాటను ముప్పయ్యేళ్ళకు పైగా ఆసుపత్రి బల్ల అవతలి నుంచి విన్నాను. దీనికి ఆధారం లేదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం అమ్మే వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతం వరకు ఉండవచ్చు. మిగిలినది పాల మాంసకృత్తులు, కొద్దిపాటి పాల చక్కెర, ఉప్పు వేసిన రకమైతే ఉప్పు. నేతిలో తేమ అర శాతం మించరాదు. తక్కినదంతా దాదాపు కొవ్వే. అంటే ఒక చిన్న చెంచా, 5 గ్రాముల వెన్న సుమారు 36 కెలోరీలు, అంతే నెయ్యి 45 కెలోరీలు. ఆ తేడా నీటిది. కొవ్వు స్వభావం రెండింటిలోనూ ఒకటే. బాండలిలో నీరు ఆవిరైపోయాక చాలలేదని మరో చెంచా వెన్న వేసే ఇల్లాలు ఆ తేలికదనాన్ని అక్కడే పోగొట్టుకుంటున్నది. రక్తపోటు ఉన్నవారి ఇంట ఉప్పు వెన్నతో వేపుడు చేసి, కూరలో మాత్రం ఉప్పు తగ్గించడం నేను కళ్ళారా చూసిన మరో వింత.

వెన్నను వేడి పెనం మీద వేస్తే మొదట చిటపటలాడుతుంది. అది నీరు ఆవిరవుతున్న చప్పుడు. ఆ నీరు ఉన్నంతసేపూ దాని వేడి నూరు డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే నిలుస్తుంది. చప్పుడు ఆగగానే వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. అపుడు మాంసకృత్తులు, పాల చక్కెర ముందు బంగారు రంగుకు, వెంటనే గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతాయి. 150 నుంచి 175 డిగ్రీల మధ్య వెన్న పొగ విడుస్తుంది. బెండకాయ, వంకాయ చక్కగా వేగడానికి కావలసిన వేడి కూడా ఇంచుమించు అదే. నెయ్యి కాచేటపుడు ఆ మాడే పదార్థాలన్నీ మడ్డిగా అడుగుకు దిగి వడకట్టులో పోతాయి కనుక తాజా నెయ్యి దాదాపు 230 నుంచి 250 డిగ్రీల వరకు పొగ రాకుండా నిలుస్తుంది. ఇంట్లో ఉష్ణమాపకం అక్కరలేదు. ఖాళీ పెనం మీద నీటిచుక్క చిలకరించినపుడు అది ఇంకిపోకుండా పూసలాగా దొర్లితే, ఆ పెనం వెన్న భరించగల వేడిని దాటిపోయినట్లే.

మరి వెన్న దోసె మాటేమిటని అడుగుతారు. దావణగెరె నుంచి మన సీమ హోటళ్ళ దాకా వచ్చిన ఆ దోసె మీద నాకు పగ లేదు. కాలుతున్న దోసె పైముఖాన వేసిన వెన్నకూ పెనానికీ మధ్య తడి పిండి అడ్డుగా ఉంటుంది. అక్కడ అది కరుగుతుంది గానీ మాడదు. అంచుల వెంట పెనం మీదికి జారినదే నల్లబడుతుంది.

ఇక నిలువ. వైశాఖంలో మన నంద్యాల ప్రాంతపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చిలికి తీసిన ఇంటి వెన్నలో మజ్జిగ తడి మిగిలే ఉంటుంది. ఆ తడిలో సూక్ష్మజీవులు పెరిగి కొవ్వును విడగొడతాయి. అపుడు విడుదలయ్యే బ్యుటిరిక్ ఆమ్లం వల్లనే ముక్కు చిట్లించే ఆ పులిసిన వాసన. బయట ఉంచితే ఒకటి రెండు రోజులకే ఇది మొదలవుతుంది. నేతిలో నీరు లేదు కనుక ఆ దారి మూసుకుపోతుంది. మూత బిగించి, వెలుతురు తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. అయితే కాచిన తీరు సరిగా ఉండాలి. పెద్ద బుడగల చప్పుడు తగ్గి, సన్నని నురుగు లేచి, అడుగు మడ్డి గోధుమ రంగుకు తిరిగినపుడు దించాలి. తొందరపడి దించితే తేమ మిగిలి త్వరగా కనరుతుంది. ఆలస్యం చేస్తే చేదెక్కుతుంది. దించేముందు తమలపాకో మునగాకో వేసే పెద్దల అలవాటు సువాసనకే కాదు, కొవ్వు గాలితో కలిసి చెడడాన్ని కొంత ఆలస్యం చేసే గుణం ఆ ఆకులకు ఉన్నది. తడి గరిటె ముంచితే మాత్రం ఈ శ్రమంతా వృథా.

ఇంతవరకు చదివి నేతి పక్షంవారు సంతోషిస్తూ ఉంటారు. వారితో నా తగవు ఇపుడే మొదలు. “నెయ్యి 250 డిగ్రీలకు గానీ పొగ రాదు, కనుక ఎంత వేయించినా ఏమీ కాదు” అని ఫోన్లలో తిరిగే వాక్యంలో మొదటి సగం తాజా నేతికి మాత్రమే నిజం. రెండవ సగం అబద్ధం. పొగబిందువు రాతిమీద చెక్కిన అంకె కాదు. వేయించిన ప్రతిసారీ కూరగాయల తడికి కొవ్వు కొంత విడిపోయి స్వేచ్ఛామ్లాలు పెరుగుతాయి, వాటితోబాటే పొగబిందువు దిగిపోతుంది. పైగా పొగ రాకముందే కొవ్వు చెడడం మొదలవుతుంది. నేతిలో కొలెస్టరాల్ ఉన్నది. చాలాసేపు, పదేపదే కాగినపుడు అది ఆక్సైడ్లుగా మారుతుంది. 1987లో లాన్సెట్ పత్రికలో జాకబ్సన్ అనే పరిశోధకుడు భారతీయ నేతిలో ఈ ఆక్సైడ్లు గణనీయంగా ఉన్నాయని, తాజా వెన్నలో అవి కనబడలేదని రాశాడు. విదేశాలలోని భారతీయుల గుండెజబ్బులకు ఇది ఒక కారణం కావచ్చునని ఆయన ఊహ. అది ఊహే, రుజువు కాదు. అయినా దానిని సాకుగా చూపి నెయ్యే విషమనడం ఎంత తప్పో, కాగిన నేతికి దోషమే లేదనడమూ అంతే తప్పు.

తమ్ముని ఇంట నేను చెప్పినది ఇది. నలుగురి బెండకాయ వేపుడుకు మూడు చిన్న చెంచాల నెయ్యి, అంటే 15 గ్రాములు. మధ్యస్థమైన మంట. మనిషికి నాలుగు గ్రాముల లోపే పడుతుంది. రోజుకు 2000 కెలోరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటరాదు. ఒక పెద్ద చెంచా నేతిలోనే అది సుమారు 9 గ్రాములు ఉంటుంది కనుక, ముద్దలో, పప్పులో, దోసెలో వేసుకునేదంతా ఈ లెక్కలోకి రావలసిందే. బజ్జీలకు, పూరీలకు మూకుడు నిండా నెయ్యి పోయవద్దు. మన వేరుశనగ నూనె తాజాగా, కావలసినంతే పోసుకుంటే చాలు.

పండుగకు ఓళిగలు కాల్చి, కజ్జికాయలు వేయించిన నెయ్యి గిన్నెడు మిగిలి ఉన్నదని, దానినీ వేపుళ్ళకు వాడవచ్చునా అని అమ్మాయి అడిగింది. తెచ్చి చూపమన్నాను. రంగు ముదిరింది, చిక్కబడింది. వేడి చేస్తే నురుగు అణగలేదు, మునుపటికంటే ముందే పొగ వచ్చి గొంతు పట్టింది. దీపంలో పోసెయ్యమ్మా అన్నాను. మా మరదలు ఒప్పుకోలేదు. మహానందీశ్వరుని దీపానికి వేయించిన నెయ్యి ఎట్లా పనికివస్తుంది బావగారూ అన్నది. దేవుని దీపానికి పనికిరానిది నా తమ్ముని కడుపుకు ఎట్లా పనికివస్తుందని అడిగాను. ఆమె నవ్వి, గిన్నె తీసుకొని పెరట్లోకి వెళ్ళింది.