యురేనియం వేరు, ఉల్లిగడ్డ వేరు

చిన్న, మధ్యతరహా పరిశ్రమల రంగంలో 50 ఆహార ఇరేడియేషన్ కేంద్రాలకు ఆర్థిక సాయం చేస్తామని 2024 జూలై బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. వాటిలో ఒకటి పాలమూరుకు రావాలి. దేవరకద్ర ఉల్లి మార్కెట్‌కు దగ్గరలో ఉండాలి. ఈ మాట అనగానే ఇక్కడ ఏ ప్రశ్న లేస్తుందో తెలియనిది కాదు. లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం వద్దని నల్లగొండ ఏళ్ల తరబడి కొట్లాడింది. 2019లో నల్లమల కోసం అమ్రాబాద్ లేచి నిలబడితే, ఆ సెప్టెంబరులో శాసనసభే యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ పోరాటం న్యాయమైనది. ఖనిజాన్ని తవ్వి, దంచి, మిగిలిన మట్టిని గుట్టలు పోస్తే రేడియోధార్మిక పదార్థమే దుమ్ముతోనూ నీటితోనూ ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. అది కాలుష్యం. ఉల్లి మొలకెత్తకుండా చేసే ఇరేడియేషన్‌లో ఆ పదార్థం గడ్డను తాకదు, దాని నుంచి వచ్చే కిరణం మాత్రమే గడ్డలోంచి దాటిపోతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, నల్లమల భయాన్ని ఉల్లిగడ్డకు అంటించడం తప్పని మేం భావిస్తున్నాం.

ఆ కేంద్రంలో జరిగేది చూద్దాం. కోబాల్ట్-60 లోహాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల్లో రెండు పొరలుగా మూసి, పెన్సిళ్లలాగా ఒక చట్రానికి అమరుస్తారు. పని లేనప్పుడు ఆ చట్రం లోతైన నీళ్ల తొట్టి అడుగున ఉంటుంది. గడ్డల పెట్టెలు మందపాటి కాంక్రీటు గోడల గదిలోకి చేరాక చట్రం పైకి లేస్తుంది, పెట్టెలు దాని చుట్టూ తిరిగి బయటికొస్తాయి. గడ్డకు అందే మోతాదు సుమారు 60 గ్రే, అంటే కిలోకు 60 జౌళ్ల శక్తి. దీనితో గడ్డ వేడి ఒక డిగ్రీలో వందో వంతుకు కాస్త పైన పెరుగుతుంది, అంతే. అంత కొంచెం శక్తితో మొలక ఎలా ఆగుతుందన్నదే ఇందులోని కిటుకు. గడ్డను నిలువునా కోస్తే పొరలన్నిటి నడుమ, వేళ్ల పళ్లేనికి ఆనుకొని, గింజంత చిగురు కనిపిస్తుంది. కణాలు విభజన చెందాల్సింది అక్కడే. విభజనకు కావలసిన డీఎన్ఏ తెగితే ఆ చిగురు ఇక ఎదగదు. పొరల్లోని కణాలు విభజన మానుకున్నవే కాబట్టి వాటికి పెద్దగా తేడా తెలియదు. కొన్ని నెలలకు ఆ చిగురు గోధుమరంగుకు తిరగడం మాత్రం మామూలే. ఇంట్లో గడ్డ కోసినవారికి అది చెడిపోయినట్టు కనిపించవచ్చు. ముందే చెబితే ఆ అనుమానం రాదు.

మరి ఆ గడ్డ రేడియోధార్మికం ఎందుకు కాదు? ఒక పదార్థం అలా మారాలంటే దాని అణుకేంద్రకమే మారాలి, అందులోంచి ఒక న్యూట్రాన్ ఊడిపడాలి. దానికి ఆక్సిజన్‌కైతే 15.7, కార్బన్‌కైతే 18.7, నైట్రోజన్‌కైతే 10.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. నీటిలో అరుదుగా ఉండే భార హైడ్రోజన్‌కు కూడా 2.2 కావాలి. కోబాల్ట్-60 గామా కిరణాల శక్తి 1.17, 1.33 మాత్రమే. కిరణాలు ఎన్ని పడ్డా ఒక్కో కిరణానికి ఆ బలం లేదు. నడుము ఎత్తు గోడను మోకాలి ఎత్తు ఎగిరేవాళ్లు వెయ్యిమంది కలిసి ఎగిరినా దాటలేనట్టే ఇది. కోబాల్ట్‌కు బదులు వాడే ఎలక్ట్రాన్ యంత్రాలకు 10, ఎక్స్‌రేలకు 5 అని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు గీత గీసిందీ ఈ లెక్క చూసుకునే. ఇక కిరణం గడ్డలో నిలవ ఉండదు. స్విచ్ తీశాక గదిలో వెలుతురు మిగలదు కదా.

పోషకాల విషయంలో కొంత నష్టం ఉంటుంది, దాన్ని దాచనక్కర్లేదు. కిరణాలకు అన్నిటికంటే త్వరగా లొంగేది బి1 విటమిన్. సి విటమిన్‌లో కొంత రూపం మారుతుంది, ఆ మారిన రూపం కూడా శరీరానికి పనికొస్తుంది. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, ఖనిజాలు దాదాపు చెక్కుచెదరవు. నష్టం మోతాదును బట్టి ఉంటుంది. మసాలా దినుసుల్లో సూక్ష్మజీవులను చంపడానికి వేల గ్రేలు కావాలి, అక్కడ వాసనలో కాస్త తేడా రావచ్చు. అందులో వందో వంతు మోతాదుతో సరిపెట్టుకునే ఉల్లిగడ్డలో ఈ నష్టం లెక్కలోకి రాదు. అదే గడ్డను పోపులో ఎర్రగా వేయించినప్పుడు పోయే సి విటమిన్ అంతకంటే ఎక్కువ. పైగా బి1 కోసం ఉల్లిగడ్డ మీద ఆధారపడేవారు ఎవరూ లేరు.

అసలైన అభ్యంతరం మన హైదరాబాద్ నుంచే వచ్చింది. అప్పుడే ఇరేడియేషన్ చేసిన గోధుమలు తిన్న పోషకాహార లోపపు పిల్లల రక్తకణాల్లో క్రోమోజోమ్‌ల సంఖ్య రెట్టింపైన కణాలు కనిపించాయని 1975లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచమంతటా ఇరేడియేషన్ వ్యతిరేకులు నేటికీ ఎత్తిచూపేది ఈ పరిశోధననే. దీన్ని తోసిపారేయకుండా చదవాలి. ఒక్కో గుంపులో ఉన్నది ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరి నుంచి లెక్కించినవి వంద కణాలు. మామూలు గోధుమలు తిన్న గుంపులో అలాంటి కణం ఒక్కటీ కనిపించలేదని రాశారు. ఆరోగ్యవంతుల్లోనూ అవి ఎంతోకొంత ఉంటాయి కాబట్టి అనుమానం అక్కడే మొదలైంది. వందల్లో ఒకటో రెండో తేడాను తేల్చాలంటే వేల కణాలు లెక్కించాలి. కేంద్ర ప్రభుత్వం పి.వి. సుఖాత్మే, పి.సి. కేశవన్‌లతో వేసిన కమిటీ ఆ ఫలితాలకు తగిన ఆధారం లేదని తేల్చింది. ఆ తర్వాత చైనాలో వందలాది వాలంటీర్లు వారాల తరబడి అలాంటి ఆహారం తిన్నా తేడా కనబడలేదు. ప్రశ్న వేయడం హైదరాబాద్ పరిశోధకుల తప్పు కాదు. జవాబు వచ్చి దశాబ్దాలైనా ప్రశ్ననే పట్టుకుని వేలాడటం మాత్రం తప్పే.

ప్రమాదం ఉన్నది తినేవారికి కాదు, కేంద్రంలో పనిచేసేవారికి. 1988లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డెకేటర్‌లో ఇలాంటి ఒక కేంద్రంలో సీసియం గొట్టం కారి తొట్టి నీళ్లలో కలిసింది. సీసియం లవణం నీటిలో కరుగుతుంది, కోబాల్ట్ లోహం కరగదు. అందుకే ఇక్కడ వచ్చే కేంద్రానికి కోబాల్టే కావాలని, లేదా మీట నొక్కితే ఆగిపోయే ఎలక్ట్రాన్ యంత్రం కావాలని అడగాలి. తొట్టి నీటి పరీక్షల ఫలితాలను ఊరికి తెలిసేలా గోడకు అంటించాలని కూడా అడగాలి.

రైతుకు దీనిపై లేనిపోని ఆశలు పెట్టడమూ మోసమే. ఇరేడియేషన్ మొలకను ఆపుతుంది, కుళ్లును ఆపదు. వానకు తడిసి, మెడ ఆరకముందే సంచికెక్కిన ఖరీఫ్ గడ్డ కిరణాలు పడ్డా కుళ్లుతుంది. యాసంగి గడ్డను తవ్వి, నీడన ఆరబెట్టి, రెండు మూడు వారాల్లో, లోపలి చిగురు ఇంకా నిద్రలో ఉండగానే కేంద్రానికి చేర్చాలి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. తర్వాత గాలాడే గోదాము గానీ శీతల గిడ్డంగి గానీ లేకపోతే చేసిన ఖర్చు బూడిదలో పోసినట్టే. కాబట్టి దేవరకద్రకు ఒట్టి కేంద్రం చాలదు, పక్కనే గోదాము ఉండాలి. విత్తనం కోసం గడ్డ నాటే రైతు సంచి ఇందులో కలవకూడదు, అది మొలవదు.

మరో చిక్కు కూడా ఉంది. ఇరేడియేషన్ చేసిన ఆహారం ప్యాకెట్ మీద ఆకుపచ్చని రాడురా గుర్తు వేయాలి. మన దగ్గర ఉల్లిగడ్డ ప్యాకెట్‌లో కొనేది ఎందరు? సంచి విప్పి బండి మీద పోయగానే ఆ గుర్తు సంచితోనే పోతుంది. రైతుబజారులో గానీ కిరాణా కొట్టులో గానీ ధర రాసిన పలక మీదే ఇరేడియేషన్ చేసిందన్న మాట కూడా రాయించాలి. వద్దనుకునేవారు పక్క కుప్పలోంచి ఏరుకుంటారు.